థ్రెడ్ మధ్యలో సబ్జెక్ట్ మార్చాలా, కొత్త మెయిల్ రాయాలా?

ప్రశ్న: మా ఆఫీసులో ఒక మెయిల్ థ్రెడ్ 40 మెయిళ్లు దాటింది. మొదలైన విషయం ఒకటి, ఇప్పుడు నడుస్తున్నది ఇంకొకటి. మధ్యలో సబ్జెక్ట్ మార్చేస్తే సరిపోతుందా, లేక కొత్తగా మెయిల్ మొదలుపెట్టాలా?

జవాబు: నేను పనిచేసే స్వచ్ఛంద సంస్థలో ఏటా ఒక సావనీర్ అచ్చు వేయిస్తాం. ఒక ఏడాది "సావనీర్ కొటేషన్" అనే సబ్జెక్ట్‌తో ప్రెస్‌కి మెయిల్ పెట్టాను. రేటు తేలింది, కాగితం తేలింది, ప్రూఫులు వచ్చాయి, అట్ట రంగు మీద నాలుగు రోజులు చర్చ నడిచింది. అన్నీ ఆ ఒక్క థ్రెడ్‌లోనే. 37వ మెయిల్‌లో అట్ట సంగతి రాస్తూ, చివర ఒక వాక్యం కలిపాను: 800 కాపీలు కాదు, 1,200 వేయండి అని.

ప్రెస్ నుంచి 800 కాపీలే వచ్చాయి. వాళ్ల ఇన్‌బాక్స్‌లో కనిపించింది "Re: సావనీర్ కొటేషన్" మాత్రమే. కొటేషన్ ఎప్పుడో అయిపోయింది కదా అనుకుని, అట్ట రంగు వరకు చదివి వదిలేశారు. మిగిలిన 400 కోసం ప్లేట్లు మళ్లీ మెషిన్ మీద బిగించాలి, రంగులు మళ్లీ సరిచూసుకోవాలి. ఆ ఖర్చు 400 కాపీల మీదే పడింది కాబట్టి ఒక్కో కాపీ మొదటి రేటు కంటే బాగా ఎక్కువైంది. తప్పు నాదేనని ఒప్పుకున్నాను.

అప్పటి నుంచి నేను చూసుకునేది ఒకటే: ఈ మెయిల్ చదివి ఎవరైనా ఒక పని చేయాలా? చేయాలంటే అది కొత్త మెయిల్. మరుసటి ఏడాది రేటు తేలగానే కొటేషన్ థ్రెడ్ ఆపేసి, "సావనీర్ వర్క్ ఆర్డర్: 1,200 కాపీలు, నవంబర్ 20కి డెలివరీ" అని కొత్తగా రాశాను. లోపల కాపీల సంఖ్య, పేజీలు, కాగితం, ఒప్పుకున్న రేటు, డెలివరీ అడ్రస్ ఐదు లైన్లలో పెట్టాను. చివరి ప్రూఫ్ మళ్లీ జతచేశాను. మామూలుగా రిప్లై కొడితే పాత అటాచ్‌మెంట్లు వెంట రావు, అందుకని థ్రెడ్‌లో పైకి వెతుక్కోమని ఎవరికీ చెప్పకూడదు.

కొత్త మనిషి వస్తున్నప్పుడు కూడా కొత్త మెయిలే రాస్తాను. ఒకసారి డిజైనర్‌ని సీసీలో కలపబోతూ కిందికి చూస్తే, ఇంకో ప్రెస్ ఇచ్చిన రేట్లు కోట్ అయిన పాత మెయిళ్లలో అలాగే ఉన్నాయి. పంపకముందే చూశాను కాబట్టి సరిపోయింది.

మరి సబ్జెక్ట్ ఎప్పుడు మార్చాలి? మనుషులు వాళ్లే, చర్చ అదే, కానీ దారి మళ్లింది, వెనక చెప్పుకున్నది ఇంకా కావాలి అన్నప్పుడు. ఉదాహరణకి ప్రూఫు చూస్తూ చూస్తూ ప్రకటనల పేజీలు ఎన్ని ఉండాలనే దగ్గరికి వెళ్లాం. అప్పుడు "సావనీర్ ప్రకటనల పేజీలు (పాత సబ్జెక్ట్: సావనీర్ ప్రూఫులు)" అని మార్చాను. ఇంగ్లిష్‌లో రాసేవాళ్లు ఆ చోట was: అని పెడతారు. కంప్యూటర్‌లో Gmail అయితే రిప్లై పెట్టెలో బాణం గుర్తు నొక్కితే Edit subject కనిపిస్తుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. సబ్జెక్ట్ మారితే Gmail దాన్ని విడి సంభాషణగా చూపిస్తుంది (100 మెయిళ్లు దాటినా విడగొడుతుంది). పాత పేరు బ్రాకెట్‌లో ఉంటే వెనక్కి వెతుక్కోవడం సులువు. ఇంకా ఎవరో ఒకరు పాత దానికే రిప్లై కొడతారు, చర్చ రెండు పాయలవుతుంది. అందుకే పాత థ్రెడ్‌లో చివరగా ఒక లైన్ రాస్తాను: "ప్రకటనల పేజీల సంగతి ఇకనుంచి ఫలానా సబ్జెక్ట్‌తో ఉన్న మెయిల్‌లో మాట్లాడుకుందాం."

దీనికి తలకిందులుగా చాలామంది చేసే పొరపాటు ఇంకొకటి. అడ్రస్‌లు టైప్ చేసే శ్రమ ఎందుకని పాత మెయిల్ తీసి రిప్లై కొట్టి, సబ్జెక్ట్ చెరిపి, పూర్తిగా వేరే విషయం రాస్తారు. కానీ రిప్లై లోపల In-Reply-To, References అనే హెడర్లలో పాత మెయిల్ గుర్తు వెళ్తుంది. Thunderbird లాంటి ప్రోగ్రాములు ఆ గుర్తును బట్టే థ్రెడ్ కడతాయి. అవతలివాళ్ల దగ్గర మీ కొత్త విషయం ఎప్పటిదో పాత చర్చ కింద చేరి కంటికి ఆనకపోవచ్చు. వేరే విషయమైతే Compose నొక్కి మొదలుపెట్టండి, అడ్రస్‌లు కాపీ చేసుకుంటే చాలు.

మీ 40 మెయిళ్ల థ్రెడ్‌లో ఇప్పుడు ఎవరైనా చేయాల్సిన పని మిగిలి ఉంటే, ఇప్పటిదాకా తేలిన వాటిని నాలుగైదు లైన్లలో రాసి ఈరోజే కొత్త మెయిల్ పెట్టండి. పాత థ్రెడ్‌లో దాని సబ్జెక్ట్ చెప్పి ఆపేయండి.