ఇన్‌వాయిస్ సాఫ్ట్‌వేర్‌లో కాన్ఫిడెన్స్ హద్దు ఎంత పెట్టాలి?

ప్రశ్న: భీమవరంలో రొయ్యల ప్లాంట్ అకౌంట్స్‌లో చేస్తున్నాను. బిల్లులు చదివే సాఫ్ట్‌వేర్ పెట్టారు. స్కోరు 0.90 దాటితే నేరుగా ట్యాలీలోకి, తగ్గితే మా దగ్గరికి. అయినా తప్పులు లోపలికి పోతున్నాయి, మా ముందు పడేవాటిలో చాలావరకు సరిగ్గానే ఉంటున్నాయి. హద్దు 0.95 చేయమంటారా?

జవాబు:

హద్దు పెంచితే మీ ముందు కుప్ప పెరుగుతుంది, తప్పులు మాత్రం అలాగే పోతుంటాయి. పాలకొల్లు దగ్గర మా ప్లాంట్‌లోనూ ఇదే తంతు నడిచింది కాబట్టి చెబుతున్నాను.

ఏరేటర్ మోటార్లు అమ్మే షాపు బిల్లు ఒకటి తీసుకోండి. సరుకు విలువ 42,000. సీజీఎస్‌టీ 3,780, ఎస్‌జీఎస్‌టీ 3,780, బిల్లు మొత్తం 49,560. దాని కింద పాత బాకీ 18,300 కలిపి, 67,860 అని లావుపాటి అక్షరాల్లో ఉంటుంది. మన వైపు ఖాతా మీద నడిచే షాపులు చాలావరకు బిల్లు ఇలాగే కొడతాయి. సాఫ్ట్‌వేర్ ఆ 67,860ని మొత్తంగా తీసుకుని 0.97 ఇచ్చింది. అంకెలు స్పష్టంగా ఉన్నాయి, అడుగున ఉన్నాయి, మరి అనుమానం ఎందుకొస్తుంది? అదే బిల్లులో షాపు పేరు మీద స్టాంపు పడి మసకబారింది, దానికి 0.61. పేరు సరిగ్గానే చదివింది. అంటే సరైన పేరు మనిషి దగ్గరికి వచ్చింది, తప్పు మొత్తం ట్యాలీలోకి పోయింది.

ఇక్కడ స్కోరుకు ఎక్కువ బలం అక్షరాల స్పష్టత నుంచే వచ్చింది. ఆ అంకె బిల్లు మొత్తమా, చెల్లించాల్సిన బాకీనా అన్నది దాంతో తేలదు. పైగా 0.97 అంటే వందలో మూడే తప్పులని కూడా కాదు. అందుకే స్కోరు చూసేముందు లెక్క సరిచూడాలి:

```
abs(taxable + cgst + sgst + igst - total) <= 1
```

ఆ రూపాయి రౌండాఫ్ కోసం. మన బిల్లులో 49,560కీ 67,860కీ పొంతన లేదు కాబట్టి స్కోరు ఎంతున్నా అది ఆగిపోతుంది. షాపు పేరుకి జీఎస్‌టీ నంబరు చూడండి. 15 అక్షరాల్లో మొదటి రెండు రాష్ట్రం కోడ్, మనకి 37. చివరిది మిగతా 14 నుంచి లెక్కగట్టే చెక్ అక్షరం, కాబట్టి 8ని Bగా చదివితే సాధారణంగా అక్కడే దొరికిపోతుంది. నంబరు సరిపోయి, మీ సప్లయర్ల జాబితాలో ఉంటే పేరు స్కోరు 0.61 అయినా వదిలేయొచ్చు. మా దగ్గర కుప్ప బాగా తగ్గింది దీనివల్లే.

ఏ లెక్కకీ అందనిది ఇన్‌వాయిస్ నంబరు. 5ని Sగా చదివినా కూడికలన్నీ సరిపోతాయి. అదే బిల్లు వాట్సాప్‌లో మళ్లీ వస్తే కొత్తదనుకుని రెండుసార్లు డబ్బు కట్టేస్తారు. స్కోరు హద్దు గట్టిగా పెట్టాల్సింది ఈ నంబరుకే. నెల నెలా 14న వచ్చే జీఎస్‌టీఆర్-2బితో పోల్చితే కొన్ని బయటపడతాయి, కానీ అప్పటికి చెల్లింపు అయిపోయి ఉండొచ్చు. కాంపొజిషన్ షాపుల బిల్లులు అందులో అసలు కనిపించవు.

హద్దు ఎంతన్నది మీ పాత బిల్లులే చెప్పాలి. చేత్తో ఎక్కించి, ఆడిట్ కూడా అయిన బిల్లుల్ని సాఫ్ట్‌వేర్‌తో మళ్లీ చదివించండి. ఒక్కో ఫీల్డుకి విడిగా, ఏ స్కోరు దగ్గర ఎన్ని తప్పాయో చూడండి. కంప్యూటర్ ప్రింటునీ, కార్బన్ కాపీ మీద చేతిరాతనీ కలపకండి. ఐసు, ట్రాన్స్‌పోర్టు బిల్లుల చేతిరాతకి మేం స్కోరు నమ్మడమే మానేశాం, అన్నీ మనిషే చూస్తారు.

ఇక స్క్రీన్. బిల్లంతా చూపించి 'సరేనా' అని అడిగితే, పట్టుబడి సీజన్లో బిల్లులు గుట్టపడ్డప్పుడు ఎవరైనా ఎంటర్ కొట్టుకుంటూ పోతారు. అనుమానం ఉన్న ఫీల్డు ఒక్కటే, బిల్లులో ఆ ముక్క పెద్దదిగా, పక్కన కారణం చూపించండి: 'కూడిక కలవలేదు, తేడా 18,300'. పై బిల్లులో ఆ తేడా చూడగానే పాత బాకీ అని మా క్లర్కుకి తెలిసిపోతుంది. ఇన్‌వాయిస్ నంబరుకైతే సాఫ్ట్‌వేర్ చదివింది చూపించకుండా ఖాళీ పెట్టె ఇచ్చి టైపు చేయించండి. ముందే నింపి ఉంటే కన్ను దాన్నే నమ్ముతుంది. రెండూ కలవకపోతే ఇంకొకరు చూడాలి. 'చదవలేకపోతున్నా' అనే బటన్ తప్పకుండా ఉంచండి, అది నొక్కితే షాపుకి ఫోన్ చేసే జాబితాలోకి వెళ్లాలి. ఆ బటన్ లేకపోతే జనం ఊహించి కొట్టేస్తారండీ.

నేరుగా లోపలికి పోయినవాటిలోంచి కూడా వారం వారం కొన్ని చీటీ తీసినట్టు తీసి, మామూలు వాటితో కలిపి క్యూలో వేయండి. ఏదో షాపు బిల్లు నమూనా మార్చిందంటే మొదట తెలిసేది అక్కడే.