గోలెం ఖాళీ చేస్తే చాలదు, గోడ రుద్దాలి

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది ఆమదాలవలస దగ్గర పల్లె. మా వీధిలో నాలుగిళ్ల అవతల ఒకాయనకు డెంగీ అని తేలింది. మర్నాటి నుంచి ఏదో ఆసుపత్రి వాళ్ల పోస్టు అందరి ఫోన్లలో తిరుగుతోంది. ప్లేట్‌లెట్లు పడిపోతే ప్రాణాపాయం, దోమ కుట్టకుండా చూసుకోండి అని ఉంది గానీ ఎలాగో లేదు. కాలువలో బ్లీచింగ్ చల్లించాం. సాయంత్రం అయిదింటికే తలుపులు వేసేస్తున్నాం. మా బాబుకి ఏడేళ్లు, 20 కిలోలుంటాడు. ఇంకేం చెయ్యాలి? – ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, ముందు మీ పెరట్లోకి వెళ్లండి. నీళ్లు పట్టుకునే గోలెం దగ్గర నిలబడి, ఫోన్ లైటు లోపలికి వేసి, ఒక నిమిషం కదలకుండా చూడండి. సన్నగా, దారపు ముక్కల్లాంటి పురుగులు తల కిందికి పెట్టి నీటిపొరకు వేలాడుతూ కనిపిస్తాయేమో గమనించండి. మీ చెయ్యి నీడ పడగానే మెలికలు తిరుగుతూ అడుక్కి దిగిపోతాయి, కాసేపటికి గాలి కోసం మళ్లీ పైకొస్తాయి. అవి దోమ పిల్లలే. గోలెంలో, డ్రమ్ములో ఉండే నిలవ నీళ్లలో కనిపించాయంటే డెంగీ దోమవే అని అనుమానించాలి.

ఈ దోమ మురికి కాలువలో పెరిగేది కాదు. అక్కడ పెరిగేది వేరే జాతి, మన జిల్లాల్లో బోదకాలు తెచ్చేది అది. కాలువ శుభ్రం చేయించుకోవడం మంచిదే గానీ, బ్లీచింగ్ చల్లినందువల్ల డెంగీ దోమ తగ్గదు. దానికి మనం తాగడానికో వాడుకోవడానికో పట్టి ఉంచుకున్న తేట నీళ్లు కావాలి. కుట్టేది కూడా పగలే. తెల్లవారిన తర్వాత రెండు మూడు గంటలు, మళ్లీ పొద్దు వాలే ముందు బాగా కుడుతుంది. మీరు అయిదింటికి తలుపులు వేసేసరికి అది దండెం మీది బట్టల వెనకో, మంచం కిందో, మూలనున్న బియ్యం బస్తా చాటునో లోపలే ఉంటుంది. దూరం ఎగిరేది కూడా కాదు. పుట్టిన చోటికి వందా రెండొందల మీటర్ల లోపలే ఎక్కువగా తిరుగుతుంది. అందుకే మీ ఇంట్లో కుట్టే దోమ మీ పెరట్లోనో పక్క పెరట్లోనో పుట్టినదై ఉంటుంది.

కిందటి వానాకాలంలో ఒకే ఇంటి నుంచి ఇద్దరు పిల్లలు పది రోజుల తేడాతో డెంగీతో మా దగ్గరికొచ్చారు. వాళ్లమ్మ చాలా శుభ్రమైన మనిషి. "ప్రతి శుక్రవారం గోలెం ఖాళీ చేస్తానండీ, ఆశా అమ్మాయిని అడగండి" అంది కళ్లనీళ్లతో. ఆశా అమ్మాయీ అవునంది. ఆ తల్లితో, ఆశా అమ్మాయితో కలిసి వాళ్ల పెరట్లోకి వెళ్లి చూశాను. సిమెంటు గోలెం, నేలలో పాతింది, వంచడానికి వీల్లేదు, అడుగున కన్నం లేదు. చెంబుతో తోడితే తోడినంత పోతుంది, ఇంకా నాలుగు వేళ్ల లోతు మిగులుతుంది. ఆ మిగిలిన నీళ్లు తెల్లటి స్టీలు గిన్నెలో పోసి వెలుతురులో పెట్టాం. పదీ పదిహేను పురుగులు గిలగిలా తిరిగాయి. మర్నాడు కుళాయి వదలగానే వాటి మీదే కొత్త నీళ్లు పడేవి.

అసలు సంగతి గోడమీద ఉంది. డెంగీ దోమ గుడ్లు నీళ్లలో పెట్టదు. నీటి అంచుకి కాస్త పైన, తడిగా ఉన్న గోడకి అంటిస్తుంది. నల్లగా, బొగ్గు నలుసుల్లా ఉంటాయి, చూసినా పాచి అనుకుంటాం. నీళ్లు పారబోస్తే అవి పోవు. ఎండినా నెలల తరబడి బతికుంటాయి. మళ్లీ గోలెం నిండి నీళ్లు వాటిని తాకితే ఒకటి రెండు రోజుల్లో పొదుగుతాయి. అక్కడినుంచి వారం పది రోజులకు రెక్కలొచ్చిన దోమ ఎగిరిపోతుంది. వారానికోసారి అని శుక్రవారం డ్రై డే పెట్టింది ఈ లెక్క మీదే. పురుగు దోమ అయ్యేలోపు దాన్ని నేలమీద పడెయ్యాలి.

అందుకని ఆ ఇంట్లో పద్ధతి మార్చాం. శుక్రవారం ఉదయం చెంబుతో తోడాక, అడుగున మిగిలినది పాత గుడ్డతో ఒత్తి బయటికి పిండారు. తర్వాత కొబ్బరి పీచుతో లోపలి గోడంతా, ముఖ్యంగా నీటి గీత ఉన్నచోటా దానికి జానెడు పైదాకా, గట్టిగా రుద్దారు. రుద్దిన నీళ్లు కూడా గుడ్డతో తీసి ఎండ పడే పొడి నేలమీద పోశారు, ఇంకో బకెట్లో కాదు. గంటసేపు ఎండనిచ్చి అప్పుడు కుళాయి పట్టారు. మూతగా బిగువుగా గుడ్డ కట్టారు. గుడ్డ వదులై నీళ్లలోకి జారితే ఆ తడిలోనే దోమ గుడ్లు పెడుతుంది, అందుకే చుట్టూ తాడుతో లాగి కట్టాలి. తర్వాతి శుక్రవారం అదే స్టీలు గిన్నెలో నీళ్లు తీసి చూశాం. ఒక్క పురుగూ లేదు.

మీ ఇంట్లోనూ ఇదే చెయ్యండి. గోలెం తర్వాత చూడాల్సినవి ఫ్రిజ్ వెనక అడుగున నీరు చేరే ట్రే, కూలరు, మనీప్లాంటు సీసా, పూలకుండీ కింది పళ్లెం, వాడని రుబ్బురోలు. మీ ప్రాంతంలో కొబ్బరి చిప్పలు, తాగి పారేసిన బొండాలు పెరటి మూల పోగుపడి ఉంటాయి. ఒక్క వాన పడితే ప్రతి చిప్పా ఒక గోలెమే. వాటిని బోర్లించండి లేదా పారెయ్యండి.

ఫాగింగ్ గురించి ఒక మాట. అది ఆ పూట ఎగురుతున్న దోమను చంపుతుంది, గోలెంలోని పురుగు జోలికి పోదు. వారం తిరక్కుండానే కొత్తవి వస్తాయి. పైగా పొగబండి రాగానే మనం తలుపులు కిటికీలు బిగించేస్తాం, దోమ లోపల హాయిగా ఉంటుంది. బండి వచ్చినప్పుడు తిండి పదార్థాల మీద మూతలు పెట్టి, పిల్లల్ని కాస్త దూరం తీసుకెళ్లి, తలుపులు తెరిచి ఉంచండి.

ఇక నాలుగిళ్ల అవతలి ఆయన సంగతి. ఆయన్నుంచి జబ్బు గాలిలో రాదు, ముట్టుకుంటే రాదు. ఎక్కువగా జ్వరం మొదలైన తొలి అయిదు రోజుల్లో ఆయన్ని కుట్టిన దోమకు వైరస్ అంటుతుంది. ఆ దోమ కూడా మర్నాడే ఇంకొకరికి అంటించలేదు, దాని ఒంట్లో వైరస్ పెరగడానికి 8 నుంచి 12 రోజులు పడుతుంది. ఆ తర్వాత అది మీ బాబును కుడితే జ్వరం రావడానికి ఇంకో 4 నుంచి 10 రోజులు. అంటే ఆయనకు 1వ తేదీన జ్వరం మొదలైందనుకుంటే, ఆయన్నుంచి మీ ఇంటికి జబ్బు చేరాలంటే సుమారుగా రెండో వారం చివరి నుంచి నాలుగో వారం లోపు అవుతుంది. ఈ మధ్యలో మీకు కనీసం ఒక శుక్రవారం దొరుకుతుంది. ఆయనకు అంటించిన దోమ వీధిలో ఇంకా ఉండొచ్చు కాబట్టి ఆ శుక్రవారం దాకా ఆగకండి, ఇవాళే మొదలుపెట్టండి. ఆయన జ్వరం ఇంకా తొలి రోజుల్లోనే ఉంటే పగలు కూడా దోమతెరలో పడుకోమనండి. మీ బాబు మధ్యాహ్నం నిద్రపోతే వాడికీ కట్టండి. బడికి పొడుగు చేతుల చొక్కా, ఫుల్ ప్యాంటు వెయ్యండి.

బాబుకి జ్వరం వస్తే పారాసెటమాల్ ఒక్కటే ఇవ్వండి. కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాముల లెక్కన 20 కిలోల పిల్లాడికి ఒక విడతకి 200 నుంచి 300 మిల్లీగ్రాములు. సిరప్ సీసా మీద 5 ఎంఎల్‌కి 250 అని ఉంటే 4 నుంచి 6 ఎంఎల్, 120 అని ఉంటే లెక్క మారిపోతుంది, అందుకే సీసా చదవకుండా చెంచాతో పొయ్యకండి. ఆరు గంటలు గడవనిదే మళ్లీ ఇవ్వొద్దు. ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు డెంగీలో రక్తస్రావాన్ని పెంచుతాయి, కిడ్నీకీ భారం. ఉద్దానం బాధ తెలిసిన జిల్లాలో ఈ మాట నేను ప్రతి రోగికీ చెబుతాను. మందుల షాపులో "కాంబినేషన్" అని ఇస్తే అందులో ఏముందో అడగండి.

ప్లేట్‌లెట్ల అంకె ఒక్కటే చూసి భయపడొద్దు. డెంగీలో చాలామందికి అవి తగ్గి వాటంతటవే పెరుగుతాయి. రక్తస్రావం లేనంత వరకు 10 వేల కంటే కిందికి దిగితే తప్ప మామూలుగా ఎక్కించాల్సిన పని రాదు. మేము ఎక్కువగా చూసేది రక్తనాళాల నుంచి నీరు బయటికి కారుతోందా అన్నది. అది సాధారణంగా జ్వరం తగ్గే సమయంలో, మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య, ఒకటి రెండు రోజులు ఉంటుంది. ఒళ్లు చల్లబడింది, తగ్గిపోయింది అని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకునే సమయమూ అదే. ఆ రెండు రోజులూ పిల్లాడు నాలుగైదు గంటలకోసారైనా మూత్రం పోస్తున్నాడా, ఓఆర్‌ఎస్, మజ్జిగ, గంజి తాగుతున్నాడా చూసుకుంటే చాలావరకు ఇంట్లోనే గట్టెక్కుతాడు.

మా ఆసుపత్రి గోడకు మేమూ ఒకసారి లక్షణాలన్నీ వరసపెట్టి పోస్టరు అంటించాం. చదివినవాళ్లు ఓపీకి పరుగెత్తుకొచ్చారు, గోలెం వైపు ఎవరూ చూడలేదు. తప్పు మాదే. దాన్ని తీసేసి ఈ నాలుగు మాటలే పెట్టాం, మీ వీధిలో తిరిగే పోస్టు బదులు దీన్ని పంపండి:

"శుక్రవారం ఉదయం నీళ్లున్న ప్రతి పాత్రా ఖాళీ చేసి, లోపలి గోడ పీచుతో రుద్ది, ఎండనివ్వండి. పగలు పడుకునే పిల్లలకూ దోమతెర కట్టండి. జ్వరానికి పారాసెటమాల్ తప్ప వేరే నొప్పి మందు వద్దు, రెండో రోజుకీ తగ్గకపోతే రక్తపరీక్షకు రండి. జ్వరం తగ్గాక కడుపునొప్పి, ఆగని వాంతులు, మత్తు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం, వీటిలో ఏ ఒక్కటున్నా అర్ధరాత్రయినా రండి."

సీతంపేట, కురుపాం లాంటి ఏజెన్సీ కొండల వైపు వెళ్లొచ్చినవాళ్లకు చలితో జ్వరం వస్తే మాత్రం రెండో రోజుదాకా ఆగకూడదు. అది మలేరియా కావచ్చు, దాని దోమ రాత్రిపూట కుడుతుంది. అదే రోజు రక్తపరీక్ష చేయించాలి. ఆశా కార్యకర్త దగ్గరా, ప్రభుత్వ ఆసుపత్రిలోనూ ఆ పరీక్ష ఉచితమే.

ఒక్క విషయం మీ ఒక్కరి వల్ల కాదు. వీధిలో తాళం వేసిన ఇల్లు ఉండి, దాని పెరట్లో డ్రమ్మో పాత టైరో కనిపిస్తే, సచివాలయంలో ఏఎన్ఎంకి ఆ ఇంటి గుర్తు చెప్పి తెరిపించండి.