రెండు అమావాస్యల మధ్య సంక్రమణం లేని నెల

ప్రశ్న: నిరుడు వినాయక చవితి ఆగస్టు 27న వచ్చింది, ఈ ఏడాది సెప్టెంబరు 14న అంటున్నారు. ఉగాది మాత్రం నిరుటికంటే ముందే వచ్చేసింది. అధిక మాసం వల్లే అంటారు సరే, ఆ నెలను ఎందుకు కలుపుతారు? ఏ నెల అధికమవుతుందో ఎలా తేలుస్తారు?

మన పంచాంగం ఒకేసారి రెండు లెక్కలు నడుపుతుంది. తిథులు, నెలలు చంద్రుణ్ణి బట్టి సాగుతాయి, ఆ నెలలకు పేర్లు మాత్రం సూర్యుడు ఏ రాశిలో ప్రవేశించాడన్న దాన్ని బట్టి వస్తాయి. అమావాస్య నుంచి అమావాస్యకు సగటున 29 రోజుల 12 గంటల 44 నిమిషాలు పడుతుంది కనుక పన్నెండు చాంద్రమాసాలు కలిపినా 354 రోజులు కాస్త దాటుతాయి, అంతే. సూర్యుడు మేషంలో ప్రవేశించి పన్నెండు రాశులూ తిరిగి మళ్లీ మేషానికి రావడానికి 365 రోజుల 6 గంటలు పడుతుంది. ఏటా మిగిలిపోయే ఈ 11 రోజులను ఎక్కడో ఒకచోట సర్దకపోతే ఉగాది ఏడాదికి 11 రోజుల చొప్పున ముందుకు జరిగి, పదహారు పదిహేడేళ్లకు మామిడి పూత, వేప పూత ఊసే లేని శరత్కాలంలో వచ్చి పడుతుంది.

అయితే అంత తేడా పోగయింది కాబట్టి ఒక నెల కలుపుదామని ఎవరో కూర్చుని నిర్ణయించరు. ఈ సంగతి చాలామందికి తెలియదు. నియమం ఒక్కటే: ఒక అమావాస్య ముగిసిన క్షణం నుంచి తరువాతి అమావాస్య ముగిసే క్షణం దాకా ఉన్న చాంద్రమాసంలో సూర్యుడు రాశి మారితే, అంటే సంక్రమణం జరిగితే, అది నిజ మాసం, మారకపోతే అది అధిక మాసం. మేష సంక్రమణం జరిగిన నెల చైత్రం, వృషభ సంక్రమణం జరిగినది వైశాఖం, మిథున సంక్రమణం జరిగినది జ్యేష్ఠం. సంక్రమణం లేని నెలకు తనదంటూ పేరు ఉండదు కనుక, తన వెనుక వచ్చే నెల పేరునే తీసుకుని అధిక జ్యేష్ఠం, అధిక శ్రావణం అని పిలిపించుకుంటుంది.

మాది పూలు సాగు చేసే ఇల్లు. బతుకమ్మకు, దసరాకు, దీపావళికి బంతి కోతకు రావాలి కాబట్టి మా పెదనాన్న ఉగాది నాడు కొత్త పంచాంగం చేతికి రాగానే ముందు అధిక మాసం ఉందో లేదో చూసేవారు, ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు ఆ తరువాతే. లెక్క పద్ధతి కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఒక కాగితం మీద ఎడమవైపు అమావాస్య ముగిసే తేదీ, సమయం, కుడివైపు సంక్రమణం జరిగే తేదీ, సమయం వరుసగా రాసుకుంటూ పోవాలి. ఎడమవైపు రెండు అమావాస్యల మధ్య కుడివైపు ఒక్క సంక్రమణమైనా పడకపోతే అధిక మాసం దొరికినట్లే. పంచాంగంలో ఈ రెండు సమయాలూ అచ్చు వేసే ఉంటాయి కనుక ఇది ఎవరైనా ఇంట్లో చేసి చూడవచ్చు.

ఈ పరాభవ నామ సంవత్సరాన్నే తీసుకుందాం. వృషభ సంక్రమణం ఏటా మే 14, 15 తేదీల్లోనే వస్తుంది, అది దాదాపు కదలదు. కదిలేవి అమావాస్యలు. 2024లో వైశాఖ మాసం మే 8న అమావాస్య వెళ్లాక మొదలైంది, అంటే వృషభ సంక్రమణం వైశాఖం తొలి వారంలోనే జరిగింది. 2025లో వైశాఖం ఏప్రిల్ 28నే మొదలు కావడంతో సంక్రమణం పున్నమి దాటి బహుళ పక్షంలోకి జరిగింది. 2026లో వైశాఖ శుద్ధ పాడ్యమి ఏప్రిల్ 18న వచ్చింది, సంక్రమణం మే 15న, అంటే అమావాస్యకు సరిగ్గా ముందు రోజు. ఏటా 11 రోజుల చొప్పున నెల మొదటి నుంచి చివరి అంచుకు వచ్చేసిందన్న మాట. ఇక ఆ తరువాతి నెలలో సంక్రమణానికి చోటు లేదు.

సూర్యచంద్రులు ఆకాశంలో నిజంగా ఉన్న చోటును బట్టి లెక్కకట్టే దృక్ గణితం ప్రకారం మే 17 తెల్లవారుజామున ఒంటిగంటన్నర ప్రాంతంలో అమావాస్య ముగిసి కొత్త చాంద్రమాసం మొదలవుతుంది. అది జూన్ 15 ఉదయం 8 గంటల 24 నిమిషాలకు తీరిపోతుంది, అంటే 29 రోజుల 7 గంటలు మాత్రమే. సూర్యుడికి వృషభ రాశి దాటడానికి 31 రోజుల పైన ఆరు గంటలు పడుతుంది కనుక, మే 15న ఆ రాశిలో అడుగుపెట్టినవాడు మిథునంలోకి వచ్చేసరికి జూన్ 15 మధ్యాహ్నం ఒంటిగంట అవుతుంది. అప్పటికి అమావాస్య ముగిసి నాలుగున్నర గంటలు గడిచిపోయాయి. ఆ నాలుగున్నర గంటల వల్లే ఈ నెల అధిక జ్యేష్ఠమైంది, మిథున సంక్రమణం తరువాతి నెల తొలి గడియల్లో పడి దాన్ని నిజ జ్యేష్ఠం చేసింది. సూర్యుడు ఆ పూటే ఉదయం ఎనిమిదికి ముందు మిథునంలోకి వచ్చి ఉంటే ఈ నెలే జ్యేష్ఠం అయ్యేది.

ఇక ఉగాది ముందుగా, చవితి ఆలస్యంగా రావడం గురించి. అధిక మాసం జ్యేష్ఠంలో వచ్చింది, ఉగాది దానికంటే ముందున్న పండుగ. అందుకే ఉగాది మామూలుగానే 11 రోజులు ముందుగా, 2025 మార్చి 30 నుంచి 2026 మార్చి 19కి వచ్చింది. జ్యేష్ఠం తరువాతి పండుగలన్నీ ఒక నెల ఆగవలసి వచ్చింది: 11 రోజులు ముందుకు జరగాల్సినవి 30 రోజులు వెనక్కి నెట్టబడ్డాయి, నికరంగా 18, 19 రోజుల ఆలస్యం. దీపావళి చూడండి: 2023లో నవంబరు 12, 2024లో అక్టోబరు 31, 2025లో అక్టోబరు 20, ఈ ఏడాది నవంబరు 8. రెండేళ్లు ముందుకు, ఒక ఏడాది గభాలున వెనక్కి. ఉగాదికి ఈ వెనక్కి గెంతు వచ్చే ఏడాది కనిపిస్తుంది, 2027లో అది ఏప్రిల్ 7న వస్తుంది.

ఒకే పేరుతో రెండు నెలలు వచ్చినప్పుడు ఏ నెలలో పండుగ చేయాలన్న సందేహం ప్రతిసారీ వినిపిస్తుంది. పండుగలు, వ్రతాలు నిజ మాసంలోనే చేస్తారు. 2023లో అధిక శ్రావణం జూలై 18 నుంచి ఆగస్టు 16 వరకు నడిచింది, వరలక్ష్మీ వ్రతం నిజ శ్రావణంలో ఆగస్టు 25న చేసుకున్నాం. 2020లో అధిక ఆశ్వయుజం రావడంతో మహాలయ అమావాస్య సెప్టెంబరు 17న అయిపోయినా దేవీ నవరాత్రులు అక్టోబరు 17 దాకా మొదలు కాలేదు. ఏటా పెత్రమాస మరునాడే కలశం పెట్టే ఇళ్లలో ఆ నెల రోజుల ఎడం ఎంత వింతగా తోచిందో గుర్తున్నవారికి తెలుసు.

అధిక మాసం మూడేళ్లకోసారి వస్తుందనడం స్థూలంగా చెప్పే మాట మాత్రమే. సగటు ముప్పై రెండున్నర నెలలు. 2018లో జ్యేష్ఠం, 2020లో ఆశ్వయుజం, 2023లో శ్రావణం, 2026లో మళ్లీ జ్యేష్ఠం అధికమయ్యాయి, వీటి మధ్య ఎడం ఒకేలా లేదు. అది వేసవి, వర్షాకాలాల్లోనే ఎక్కువగా రావడానికి కూడా కారణం ఉంది. జూలై మొదట్లో భూమి సూర్యుడికి దూరంగా ఉంటుంది కాబట్టి సూర్యుడు నెమ్మదిగా కదులుతున్నట్లు కనిపిస్తాడు, మిథున రాశి దాటడానికి దాదాపు 31 రోజులన్నర పడుతుంది. అంత పొడవైన రాశిలో ఒక చాంద్రమాసం పూర్తిగా ఇమిడిపోవడం తేలిక. జనవరి మొదట్లో భూమి దగ్గరగా ఉంటుంది, ధనుర్మాసం 29 రోజుల 11 గంటల్లోనే ముగిసిపోతుంది, ఇది సగటు చాంద్రమాసం కంటే కూడా చిన్నది. అందుకే మార్గశిర, పుష్య మాసాలు అధికమైనట్లు మనం వినం. ఆ చలికాలంలోనే చాలా అరుదుగా ఒక నెలలో రెండు సంక్రమణాలు పడి ఒక నెల పేరు లోపిస్తుంది, దాన్ని క్షయ మాసం అంటారు. 1982-83లో అలా జరిగింది.

కలిపే లెక్కకూ కలపని లెక్కకూ తేడా తెలియాలంటే ఉగాదిని, రంజాన్‌ను పక్కపక్కన పెట్టి చూడండి. హిజ్రీ క్యాలెండరులో అధిక మాసం లేదు, అందుకే రంజాన్ ఏటా 11 రోజుల చొప్పున ఋతువులన్నీ తిరుగుతుంది. 2023లో ఉగాది మార్చి 22న వచ్చింది, అదే అమావాస్య తరువాత మార్చి 24న ఉపవాసాలు మొదలయ్యాయి. ఆ ఏడాది అధిక శ్రావణం మన లెక్కను ఒక నెల వెనక్కి జరపడంతో, 2024లో ఉగాది రంజాన్ మాసం మొదట్లో కాకుండా చివర్లో పడింది: ఏప్రిల్ 9న ఉగాది, 11న ఈద్. 2025లో మార్చి 30న ఉగాది, మరునాడే ఈద్. 2026లోనూ రెండూ వెంటవెంటనే వచ్చాయి. మూడేళ్లపాటు రెండు పండుగల బజారు ఒకేసారి సాగడం చూసి ఇక ఏటా ఇంతే అనుకున్నవారు ఉన్నారు. ఈ అధిక జ్యేష్ఠం ఆ జతను విడదీస్తుంది, 2027లో ఈద్ మార్చి 10 ప్రాంతంలో, ఉగాది ఏప్రిల్ 7న వస్తాయి.

ఇక్కడే చెప్పవలసిన ఇంకో మాట: 235 చాంద్రమాసాలు దాదాపు సరిగ్గా 19 సౌర సంవత్సరాలతో సమానం, వాటిలో 7 అధిక మాసాలు. అందుకే పందొమ్మిదేళ్లకోసారి అధిక మాసాలు, పండుగ తేదీలు దాదాపు అలాగే తిరిగి వస్తాయి. 2007లో కూడా జ్యేష్ఠమే అధికం, ఆ ఏడాది దీపావళి నవంబరు 9న వచ్చింది, ఈ ఏడాది నవంబరు 8. అధిక శ్రావణం 2004లోనూ 2023లోనూ వచ్చింది. ఒక్కోసారి ఒక రోజు అటూ ఇటూ అవుతుంది, నెల పేరు కూడా ఎప్పుడైనా మారవచ్చు, అయినా పాత క్యాలెండర్లు దాచుకునే అలవాటున్న వారికి ఇది పనికొచ్చే కొండగుర్తు.

పూల రైతుకు ఈ జరుగుబాటు ఊరికే తెలుసుకునే విషయం కాదు. మా వైపు బంతి నారు పోసింది మొదలు తొలి కోతకు రెండు నెలలు దాటుతుంది, కాబట్టి దసరా తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టి నారు పోయాలి. 2025లో దసరా అక్టోబరు 2, ఈ ఏడాది అక్టోబరు 20. నిరుటి తేదీకే నారు పోస్తే బతుకమ్మ మొదలయ్యేనాటికి మొదటి విడత పూలు విచ్చి, రాలిపోయి ఉంటాయి. దసరా ముందుగా వచ్చే ఏళ్లలో ఇంకో చిక్కు ఉంది: సెప్టెంబరు చివరి వానలకు పూరేకులు నీరు పట్టి కుళ్లుతాయి, బుట్టలో పెట్టిన మరునాటికే నల్లబడతాయి. గునుగు, తంగేడు మాత్రం పంచాంగం చూసుకోవు, వాటి కాలానికి అవి పూస్తాయి. బతుకమ్మ ఆ పూల కాలానికి మరీ దూరం పోకుండా ఉంటున్నదంటే అది ఈ అధిక మాసం వల్లనే.

తరువాతి అధిక మాసం 2029లో, చైత్రం. అప్పటిదాకా దసరా ముందుకే జరుగుతుంది, 2027లో అక్టోబరు 9కి, 2028లో సెప్టెంబరు 27కి. 2028లో పూలు వేసేవారు వానను తట్టుకునే ఎత్తు మడులు ముందుగానే ఆలోచించుకోవడం మంచిది.