మోకాలి ఆపరేషన్‌కు ఎంత రాశారో ముందు చూడు

తమ్ముడికి,

అన్నయ్య ఆశీస్సులు. ఏజెంట్ ఇచ్చిన రెండు కాగితాల ఫోటోలూ చూశాను. రెండూ 10 లక్షల ఆరోగ్య బీమా పాలసీలే. ఒకటి ఏడాదికి 22,000, క్లెయిమ్‌లో 20 శాతం కోపే కింద నువ్వు భరించాలి. రెండోది 31,000, కోపే లేదు. ఏది తీసుకోమంటావని అడిగావు. దానికన్నా ముందు నా మోకాలి సంగతి చెబుతాను.

నాకు 5 లక్షల పాలసీ ఉండేది. కోపే 20 శాతమని తెలుసు, 3 లక్షల బిల్లయితే అరవై వేలు నావి, పర్వాలేదనుకున్నాను. కుడి మోకాలు మార్పించుకుంటే బిల్లు 3,20,000 అయింది. గ్లౌజులూ వగైరా బీమా ఇవ్వని ఖర్చు 18,000 తీసేస్తే 3,02,000 మిగిలింది. ఆ లెక్కన నాకు 2,41,600 రావాలి. వచ్చింది 1,20,000. పాలసీ లోపలి పేజీల్లో ‘మోకాలి మార్పిడికి 1,50,000 మించదు’ అని చిన్న పట్టికలో ఉంది. ముందు దాన్ని 1,50,000కి కోసి, ఆ మిగిలినదాని మీద మళ్లీ 20 శాతం కోశారు. 2 లక్షలు జేబులోంచి కట్టాను. డిశ్చార్జి కౌంటర్ దగ్గర మీ వదిన నా ముఖం వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

ఇలా ఒక్కో చికిత్సకు విడిగా పెట్టే పరిమితినే సబ్ లిమిట్ అంటారు. అందుకని కోపే కన్నా నాకు సబ్ లిమిట్ అంటేనే భయం. కోపే ఎంతో ముందే తెలుస్తుంది, దానికి తగ్గ డబ్బు పక్కన పెట్టుకోవచ్చు. సబ్ లిమిట్ అలా కాదు. ఆస్పత్రి రేట్లు ఏటా పెరుగుతుంటే ఆ అంకె మాత్రం కాగితం మీద అలాగే ఉండిపోతుంది. కంటి శుక్లానికి పరిమితి ఉంటే నేను పట్టించుకోను. ఆరోగ్య సంజీవని పాలసీలో కూడా కంటికి 40,000 గానీ బీమా మొత్తంలో నాలుగో వంతు గానీ, ఏది తక్కువైతే అదే ఇస్తారు. ఆ తేడా మనం మోయగలం. మోకాలు, గుండె, క్యాన్సర్, కిడ్నీలకు పరిమితి రాసి ఉంటే మాత్రం ఎంత చవకైనా ఆ పాలసీ వద్దు. గది అద్దె పరిమితి కూడా చూడు. దాన్ని మించిన గది తీసుకుంటే డాక్టరు ఫీజు లాంటివి కూడా ఆ నిష్పత్తిలో తగ్గించేస్తారు.

నీ 22,000 కాగితంలో కంటికి తప్ప దేనికీ పరిమితి కనబడలేదు. కాబట్టి ఇక లెక్క కోపేకీ ప్రీమియానికీ మధ్యే. ఈ ఏడాది తేడా 9,000. రెండూ ఏటా 10 శాతం చొప్పున పెరుగుతాయనుకో, ఏడేళ్లలో ఆ తేడా మొత్తం సుమారు 85,000 అవుతుంది. ఈలోగా 3 లక్షల ఆస్పత్రి ఖర్చు ఒక్కసారే వస్తే కోపేకి పోయేది 60,000, అంటే చవక పాలసీయే మేలు. రెండుసార్లు వస్తే ఖరీదుదే మేలు.

10 శాతం ఊరికే వేయలేదు. 60 దాటినవాళ్ల ప్రీమియం ఏడాదికి 10 శాతం మించి పెంచాలంటే కంపెనీలు ముందు బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐని సంప్రదించాలని 2025 జనవరిలో ఆదేశం వచ్చింది. అంటే ఎప్పటికీ మించదని హామీ కాదు. అయినా ఆ 10 శాతమే లెక్కేసి చూడు: ఇప్పుడు నీకు 64. 75 వచ్చేసరికి 31,000 కాస్తా 88,000 దాటుతుంది, 22,000 దాదాపు 63,000 అవుతుంది. మరదలికీ అంతే అనుకుంటే ఖరీదుదానికి ఏడాదికి 1,77,000 కట్టాలి. పెన్షన్‌లోంచి కట్టగలవా? కట్టలేక ఆ వయసులో వదిలేస్తే అన్నాళ్ల డబ్బూ పోయినట్టే. అప్పుడు కొత్త పాలసీ దొరికినా, ఉన్న జబ్బులకు మళ్లీ మూడేళ్ల దాకా ఆగమనవచ్చు.

నేనైతే 22,000దే తీసుకుంటాను. మిగిలే 9,000 ఏటా విడిగా బ్యాంకులో వేసుకుంటూ, 2 లక్షల ఎఫ్‌డీ మాత్రం కదిలించను. 10 లక్షల క్లెయిమ్ వచ్చినా 20 శాతం అంతే కదా. 70 నిండాక ఉచిత వైద్యానికి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు కూడా చేయించుకోవచ్చు, ఆదాయంతో పనిలేదు. ప్రైవేటు పాలసీ ఉన్నా ఇస్తారు.

ఏజెంటును రెండే అడుగు. ఒకటి, 64 నుంచి 80 దాకా వయసువారీ ప్రీమియం పట్టిక. నోటిమాట వద్దు, కాగితం ఇమ్మను. రెండు, సబ్ లిమిట్ ఉన్నచోట కోపే దాని మీద కోస్తారా, అసలు బిల్లు మీదా అని. నా విషయంలో అసలు బిల్లు మీద కోసి ఉంటే 1,50,000 పూర్తిగా వచ్చేది. నీకున్న షుగరు, బీపీ ఫారంలో దాచకు.

పాలసీ చేతికొచ్చాక నచ్చకపోతే తిప్పి పంపడానికి 30 రోజులుంటాయి. రాగానే వాట్సాప్‌లో అన్ని పేజీలూ పంపు, మొదటి పేజీ ఒక్కటే కాదు.

మీ అన్నయ్య