పోటీ బ్రాండు పేరు ఎత్తి క్యాప్షన్ రాసేటప్పుడు నేను పాటించే పద్ధతి

ప్రశ్న: "మా వస్తువు పోటీ బ్రాండు కంటే ఒక విషయంలో మెరుగని మా పరీక్షలో తేలింది. సోషల్ మీడియా క్యాప్షన్లు రాసేది నేనే. వాళ్లను కించపరచకుండా, కొనేవాళ్లను తప్పుదోవ పట్టించకుండా ఆ మాట ఎలా రాయాలి?"

నేను కొన్నేళ్లుగా వేడి నిలిపే స్టీలు ఫ్లాస్కులు తయారుచేసే ఒక సంస్థకు క్యాప్షన్లు రాస్తున్నాను. మీ ప్రశ్నలో "ఒక విషయంలో" అన్న మాట నాకు నచ్చింది, ఎందుకంటే పోలిక నిజంగా ఉండటమూ తప్పుదోవ పట్టించడమూ చాలావరకు ఆ మాటను క్యాప్షన్ చివరిదాకా నిలుపుకున్నామా, దారిలో జారవిడిచామా అన్నదాని మీదే ఆధారపడతాయి. నేను రాసిన వాటిలో ఒక క్యాప్షన్ ఎలా తయారైందో మొదటి నుంచి చెబుతాను.

మా పై అధికారి నాకు ఇచ్చిన వాక్యం ఇది: "ఇతర ఫ్లాస్కుల కంటే రెట్టింపు వేడి." నేను మొదట పట్టుకున్నది "ఇతర" అన్న పదాన్ని. పేరు చెప్పకపోతే ఎవరినీ నొప్పించినట్టు కాదని చాలామంది అనుకుంటారు. కానీ "ఇతర ఫ్లాస్కులు" అంటే అంగట్లో ఉన్న ఫ్లాస్కులన్నీ అని అర్థం, మేము పరీక్షించింది ఒక్క బ్రాండులో ఒక్క మోడల్‌ను. పేరు దాచడం వల్ల ఆ మాట మెత్తబడలేదు సరికదా, మేము రుజువు చేయలేనంత పెద్దదైంది. "సాధారణ ఫ్లాస్కు" అన్నా ఇదే చిక్కు. అందుకే బ్రాండునూ మోడల్‌నూ పేరు పెట్టి చెప్పడమే నిజాయితీ అని నేను నమ్ముతాను. అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1979లో ఇచ్చిన విధాన ప్రకటన కూడా, పోలికకు ఆధారం స్పష్టంగా ఉన్నప్పుడు పోటీదారు పేరు చెప్పడాన్ని తప్పుపట్టలేదు, పైగా ప్రోత్సహించింది. ఐరోపా సమాఖ్య 2006/114/EC ఆదేశం పోలికను అనుమతిస్తూనే, ఒకే అవసరం తీర్చే వస్తువులనే పోల్చాలనీ, పోల్చే గుణం ముఖ్యమైనదై, సరిచూసుకోవడానికి వీలైనదై ఉండాలనీ, పోటీదారును కించపరచకూడదనీ షరతులు పెడుతుంది. మీ పోస్టు ఏ దేశంలోని కొనుగోలుదారుల కోసమో అక్కడి నియమాన్ని మాత్రం ముందుగా చూసుకోండి.

తర్వాత "రెట్టింపు" ఎక్కడి నుంచి వచ్చిందో వెతికాను. పరీక్ష పద్ధతి బాగానే ఉంది. రెండు బ్రాండ్లలోనూ 1 లీటరు ఫ్లాస్కులు మూడేసి చొప్పున దుకాణంలో బిల్లుతో కొన్నారు. మావి కూడా కార్ఖానా నుంచి ఏరి తెచ్చినవి కావు, ఇది చాలా ముఖ్యం. అన్నింటినీ వేడి నీటితో ఒకసారి తొలిపి, 95 డిగ్రీల నీటిని అంచు దాకా నింపి, 25 డిగ్రీల గదిలో ఉంచారు. మూత తీసి కొలిస్తే వేడి పోతుంది కాబట్టి, 6 గంటల కొలతకు ఒకసారి, 8 గంటల కొలతకు మరోసారి ఇలా ప్రతి కొలతకూ కొత్తగా నింపారు. సగటున 6 గంటలకు మాది 71, వారిది 66. 8 గంటలకు 65, 59. 12 గంటలకు 55, 49. 24 గంటలకు 38, 33.

ఈ అంకెల్లో ఎక్కడా రెట్టింపు లేదు. గది ఉష్ణోగ్రత తీసేస్తే 24 గంటలకు మాకు 13 డిగ్రీలు, వారికి 8 డిగ్రీలు మిగులుతాయి కాబట్టి అరవై శాతం ఎక్కువని ఎవరో లెక్కగట్టారు, అది నోటి మీద నలిగి రెట్టింపైంది. కానీ 38 డిగ్రీల నీరు ఒంటి వేడికి కాస్త ఎక్కువ, అంతే. ఎవరూ దాన్ని వేడి పానీయం అనరు. గెలుపు పెద్దగా కనిపించే గంటను ఏరుకుని, కొనేవారికి అక్కరకు రాని చోట శాతం చెప్పడం అబద్ధం కాకపోయినా మోసమే.

పోనీ 8 గంటల అంకెనే తీసుకుని "పది శాతం ఎక్కువ వేడి" అందామా అని మా వాళ్లు అడిగారు. 65ను 59తో భాగిస్తే పది శాతం వస్తుంది నిజమే. అదే నీటిని ఫారన్‌హీట్‌లో కొలిస్తే 149, 138 వస్తాయి, అప్పుడు తేడా ఎనిమిది శాతం. నీరు అదే, ఫ్లాస్కు అదే, కొలమానం మారితే శాతం మారిపోయింది. ఉష్ణోగ్రతకు శాతాలు కట్టడం అర్థం లేని పని కాబట్టి రెండు ఉష్ణోగ్రతలనూ పక్కపక్కనే పెట్టి వదిలేశాను. మీ వస్తువు ఏదైనా సరే, శాతం రాసే ముందు అది దేని మీద శాతమో ఒక్క వాక్యంలో చెప్పగలరేమో చూడండి. చెప్పలేకపోతే అసలు అంకెలే రాయండి.

విడివిడి ఫ్లాస్కుల అంకెలను కూడా అడిగి తెప్పించుకున్నాను. 8 గంటలకు మావి 64, 65, 66. వారివి 58, 59, 61. మా వాటిలో తక్కువది కూడా వారి వాటిలో ఎక్కువదాని కంటే పైనే ఉంది కాబట్టి, మూడేసి నమూనాలే అయినా ఈ తేడా చెప్పుకోదగ్గదే అనిపించింది. ఆ రెండు వరుసలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుని ఉంటే నేను పోలిక రాసేదాన్ని కాను.

అయితే ఫ్లాస్కును నింపి 8 గంటలు ముట్టకుండా ఉంచేవారు ఎంతమంది? గంటకోసారి మూత తీసి కొంచెం వంపుకుంటూ మళ్లీ పరీక్షించమని అడిగాను. 8 గంటలకు మాది 54, వారిది 53 వచ్చింది, విడివిడి అంకెలు కలిసిపోయాయి. ఈ ఫలితం మా వాళ్లకు రుచించలేదు. దాన్ని చెప్పాల్సిన అవసరం ఏముందన్నారు. కొనేవాడు రోజూ వాడే తీరులో తేడా లేనప్పుడు, తేడా ఉన్న తీరును మాత్రమే చూపించి ఊరుకుంటే అతడు డబ్బు పెట్టేది లేని లాభానికని నేను వాదించాను. చివరకు క్యాప్షన్ ఇలా వెళ్లింది. బ్రాండు పేరును ఇక్కడ తీసేశాను:

"మూత తీయకుండా 8 గంటలు ఉంచితే మా 1 లీటరు ఫ్లాస్కులో నీరు 65 డిగ్రీలు, ఫలానా మోడల్‌లో 59 డిగ్రీలు. మధ్యలో మూత తీస్తుంటే ఈ తేడా దాదాపు ఉండదు. 95 డిగ్రీల నీరు, 25 డిగ్రీల గది, ఒక్కో మోడల్‌వి మూడు ఫ్లాస్కులు."

దీని కింద పరీక్ష జరిగిన నెల, సంవత్సరం ఇచ్చాం. "మూత తీయకుండా" అన్న షరతు మొదటి వాక్యంలో మొదటి మాటగా రావడం యాదృచ్ఛికం కాదు. క్యాప్షన్‌లో మొదటి ఒకటి రెండు వరుసలే కనిపిస్తాయి, మిగతాది నొక్కి తెరిచేవారు తక్కువ. గొప్పను పైన పెట్టి షరతును మడతలో దాస్తే, చదివినవారిలో చాలామందికి షరతు లేని మాటే చేరుతుంది.

కించపరచడం గురించి ఒక మాట. తెలుగులో అది పెద్ద తిట్లలో కంటే చిన్న ప్రత్యయాల్లో ఎక్కువగా దాక్కుంటుంది. నా మొదటి చిత్తులో "ఫలానా మోడల్‌లో 59 డిగ్రీలే" అని ఉంది. ఆ చివరి ఏత్వం ఒక్కటీ అంకెను ఎగతాళిగా మార్చేసింది. "కేవలం", "మాత్రమే", "పడిపోయింది", "చల్లారిపోయింది" కూడా అలాంటివే. "మీ ఫ్లాస్కు కూడా మోసం చేస్తోందా?" అన్న ప్రశ్నలో ఆ "కూడా" ఎదుటివారి మీద నేరం మోపేస్తుంది, ప్రశ్న కాబట్టి మనం ఏమీ అనలేదని తప్పించుకోలేం. నేను ఇప్పుడు వాడే పరీక్ష ఒకటుంది. రెండు బ్రాండ్ల పేర్లనూ తారుమారు చేసి వాక్యాన్ని మళ్లీ చదువుతాను. మా పేరు వారి స్థానంలో ఉన్నప్పుడు నాకు చురుక్కుమంటే, ఆ చురుకు పుట్టించిన పదాన్ని కొట్టేస్తాను. అంకె చురుక్కుమనిపిస్తే ఉంచుతాను, అది నిజం కాబట్టి.

లేమిని చెప్పుకునే మాటలు కూడా ఇలాగే పోలికలవుతాయి. "మా ఫ్లాస్కు లోపలి గోడకు పెయింటు లేదు" అని రాస్తే ఎదుటివారి దానికి ఉందని చదువరి అనుకుంటాడు, వారిదీ ఉత్త స్టీలే అయినప్పుడు అది చెప్పకుండా చెప్పిన అబద్ధం. ఫోటో సంగతీ అంతే. మా దాన్ని వెలుగులో, వారిదాన్ని మసక చీకట్లో పెట్టిన ఫోటోను నేను వెనక్కి పంపాను. లోగోను మసకబరిచినా మూత ఆకారాన్ని బట్టి అందరూ గుర్తుపడతారు.

ఇంత చూసుకున్నా ఒక పొరపాటు జరిగింది, దాని బాధ్యత నాదే. పోస్టు పెట్టిన కొన్ని నెలలకు ఆ బ్రాండు వారు మర్యాదగా ఉత్తరం రాశారు. మోడల్ పేరు మార్చకుండానే మూత లోపలి రబ్బరు వలయాన్ని మార్చామనీ, మేము కొన్నవి పాత సరుకనీ చెప్పారు. మళ్లీ కొని పరీక్షిస్తే 8 గంటలకు వారిది 63 వచ్చింది, విడి అంకెలు మా వాటితో కలిసిపోయాయి. అదే రోజు పోలికను తీసేసి, ఎందుకు తీసేశామో అదే పోస్టు కింద రాశాం. అంతకాలం అది చదివి కొన్నవారి గురించి నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అప్పటి నుంచి పోలిక ఉన్న ప్రతి క్యాప్షన్‌కూ ఒక ఫైలు పెట్టాను. అందులో కొన్న బిల్లు, ఫ్లాస్కు అడుగున ఉండే బ్యాచ్ సంఖ్య ఫోటో, విడివిడి కొలతలు, మళ్లీ కొని పరీక్షించాల్సిన తేదీ ఉంటాయి. మూడు నెలలకోసారి ఆ తేదీ వస్తుంది. ఆ రోజు పరీక్ష జరగకపోతే, ఫలితం ఏమై ఉంటుందో ఊహించకుండా పోస్టును దించేస్తాను.