మా బావ, ఖాళీ బిందెలు, PANI LEDU

ప్రశ్న: భువనేశ్వర్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరాను. రూమ్మేట్స్ అందరూ ఒడియా వాళ్లే. తెలుగు మీమ్స్ చూపించి అర్థం చెబితే ఒక్కరూ నవ్వరు. జోకు పోకుండా అనువాదం చేసి చెప్పడం ఎలా?

అనువాదం మానెయ్యండి. మొండిగా చెబుతున్నానని అనుకోకండి, దీని మీద మా ఇంట్లో ఒక వేసవి మొత్తం గొడవ జరిగింది.

మాది పర్లాకిమిడి. ఆటో ఎక్కితే కాసేపట్లో పాతపట్నం, అంటే శ్రీకాకుళం జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడినప్పుడు మేం ఇటు పడ్డాం, మా చుట్టాల్లో సగం మంది అటు ఉండిపోయారు. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, టీవీలో ఏదొస్తే అది. మా అత్త కొడుకు, అంటే మా బావ, ఒడియా మీడియంలో చదివాడు. తెలుగు గడగడా మాట్లాడతాడు కానీ తెలుగు అక్షరాలు చూస్తే కూడబలుక్కోవాలి. అందుకని మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో అందరం ఇంగ్లీషు అక్షరాల్లోనే రాసుకుంటాం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, అసలు కథంతా దీని మీదే ఉంది.

మే నెల. మా వీధి కుళాయి రెండు రోజులుగా రాలేదు. బావకి అప్పుడే కాంట్రాక్టు పని అయిపోయింది, ఇంట్లోనే ఉంటున్నాడు. ఖాళీగా ఉన్నవాడికి ఇంట్లో వాళ్లు పని కల్పిస్తారు కదా, బిందెల వరుసకి కాపలా పెట్టారు. మధ్యాహ్నం నేను వెళ్లి చూస్తే, బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, కుళాయి స్తంభానికి తల ఆనించి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. చుట్టూ తొమ్మిది ఖాళీ బిందెలు. ఫొటో తీసి, కింద పెద్ద అక్షరాలతో PANI LEDU అని రాసి గ్రూపులో పెట్టాను.

మా వైపు వాళ్లందరూ పడీ పడీ నవ్వారు. ఎందుకో చెబుతాను. తెలుగులో చదివితే పని లేదు, అది బావ గురించి. ఒడియాలో నీళ్లని పాణి అంటారు, అలా చదివితే అది కుళాయి గురించి. తెలుగు పనిలో ప పొట్టిది, న మామూలు న. ఒడియా మాటలో పా పొడుగు, ణ ఒత్తి పలికేది. రెండు తేడాలున్నాయి, ఇంగ్లీషు అక్షరాలు రెంటినీ మింగేస్తాయి. తెరమీద మిగిలేది నాలుగు అక్షరాలే, ఏ ఇంటి వాడు ఆ ఇంటి మాటగా చదువుకుంటాడు. మాలాంటి వాళ్లం రెండు ఇళ్ల వాళ్లం కాబట్టి రెండూ ఒకేసారి చదువుతాం. నవ్వు అక్కడే పుడుతుంది.

ఇంకో చిన్న కీలకం ఉంది. మంచి తెలుగులో నీళ్లు బహువచనం, అంచేత నీళ్లు లేవు అనాలి. నీరు లేదు అనొచ్చు కదా అంటారేమో, కుళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడ్డవాళ్లు ఎవరైనా నీరు లేదు అనగా విన్నారా? మా సరిహద్దు మాటలో మాత్రం పాణి ఒడియాది, లేదు తెలుగుది, రెండూ కలిసి హాయిగా కాపురం చేస్తాయి. అంటే ఈ మీమ్‌ని శుభ్రమైన తెలుగులోకి మార్చబోతే మొదట క్రియే విరిగిపోతుంది.

మా మామయ్య సరిగ్గా ఆ పనే చేశారు. ఆయన శ్రీకాకుళంలో ఉంటారు, తెలుగు మాస్టారుగా రిటైరయ్యారు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తే ఆయనకి ఒంటి మీద తేళ్లు పాకినట్టుంటుంది. నా ఫొటో మీది అక్షరాలు చెరిపించి, మనవడి చేత తెలుగు లిపిలో "పని లేదు" అని రాయించి, తన రిటైర్డు మాస్టార్ల గ్రూపులోకి పంపారు. అక్కడ ఎవరూ నవ్వలేదు. ఒకాయన "నేటి యువత పరిస్థితి దయనీయం" అని రాశారట. ఇంకొకాయన అబ్బాయి బయోడేటా పంపమన్నారు. తెలుగు లిపి మహా కచ్చితమైనది, ప రాస్తే ప, పా రాస్తే పా. ఆ కచ్చితం వల్లే శ్లేష చచ్చిపోయి, నిరుద్యోగం మీద పోస్టరు మిగిలింది.

ఆయనతో వాదన పెట్టుకున్నాను. "శ్లేష అంటే మానవ జీవితం సుకుమారం లాంటిదమ్మా, మానవ జీవితం అనీ అనుకోవచ్చు, మా నవ జీవితం అనీ విరుచుకోవచ్చు, రెండూ తెలుగే. నీది సంకరం" అన్నారు. "మామయ్యా, గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. వాడుక భాష కోసం పోట్లాడి, సవరలకి వాళ్ల భాషలోనే పుస్తకాలు రాసిన మనిషి ఆయన. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుకి మీరు దండ వేస్తారు, మరి మా వాడుక మాట అంటే ఎందుకింత కోపం?" అన్నాను. ఫోన్ పెట్టేశారు. ఆ గెలుపు నాకు ఇప్పటికీ తియ్యగా ఉంది. కానీ పంతులుగారు వాట్సాప్ ఇంగ్లీషు లిపిని సమర్థించేవారా అంటే నేను మాట దాటేస్తాను.

అసలు ప్రమాదం ఇంకోవైపు నుంచి వచ్చింది. బావ ఫ్రెండు ఒకడు, తెలుగు రానివాడు, ఆ ఫొటో చూసి అర్థం అడిగాడట. బావ రెండు అర్థాలూ చెప్పాడు. వాడు తెలివైనవాడు, పక్కాగా ఒడియాలోకి మార్చి KAMA NAHI, PANI NAHI అని రాసి తిరిగి పంపాడు. ఒడియాలో కామ అంటే పని. హిందీలో అయితే కామ్ అని ఆపేస్తారు, ఒడియా వాళ్లు చివరి అచ్చుని వదలరు, అందుకే M తర్వాత ఆ A. శ్లేష పోయినా మాటకి మాట తాళం బాగా కుదిరింది, బావ మురిసిపోయి దాన్ని మా గ్రూపులో పెట్టాడు.

విశాఖపట్నంలో మా పిన్ని ఉంది. ఆవిడకి హిందీ అంటే దూరదర్శన్ వార్తల చప్పుడు మాత్రమే, ఒడియా అసలు రాదు. ఆ నెలలోనే బావకి తెలిసినవాళ్ల అమ్మాయితో సంబంధం మాట్లాడుతోంది. రాత్రి తొమ్మిదింటికి నాకు ఫోను. "ఏమే, పెళ్లి కావలసిన కుర్రాడి ఫొటో కింద కామం లేదని రాసుకుంటారా ఎవరైనా? అది పెళ్లివారి గ్రూపులోకి వెళ్తే ఏం చెప్పను?" అంది. నాకు నవ్వాగలేదు, ఆవిడ టెన్షన్ ఆగలేదు. రెండు మాటలూ సంస్కృతం నుంచే వచ్చాయి, ఒడియా కామ మాత్రం కర్మ అనే మాట అరిగి అరిగి అలా అయింది, మన కామం వేరు అని చెప్పాను. "నీ పాండిత్యం నీ దగ్గరే ఉంచుకుని ముందు అది డిలీట్ చేయించు" అంది. చేయించాను. సంబంధం కుదరలేదు, కానీ దానికి కారణం జాతకాలే, ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

ఒక్క మీమ్ మూడుసార్లు వేషం మార్చింది, మూడుసార్లూ బొమ్మ అదే. మీరు రూమ్మేట్స్‌కి చూపించే ముందు దాన్ని ఒకసారి పైకి చదివి చూడండి. మా వదిన ఒడియా ఆవిడ, వాళ్లమ్మకి ఫోనులో ఈ జోకు చెప్పబోయి మధ్యలో ఆగిపోయింది. నోటితో అనాలంటే పని అనాలి, లేకపోతే పాణి అనాలి, రెండూ ఒకేసారి అనలేం. అంటే ఈ శ్లేష చెవిది కాదు, కంటిది. అలాంటిది వివరిస్తే బతకదు, ఎదురుగా తెర ఉండాలి, చూసేవాడికి రెండు భాషలూ కాస్తయినా తెలియాలి.

బ్రహ్మానందం బొమ్మల సంగతి వేరు. సినిమాల్లోకి రాకముందు అత్తిలిలో తెలుగు లెక్చరర్‌గా చేసిన మనిషి, ఇప్పుడు మాటలే అక్కర్లేకుండా తెలుగు మీమ్స్ సగం ఆయనే మోస్తున్నారు. వదినకి హిందీ డబ్బింగ్ సినిమాల వల్ల ఆ ముఖం తెలుసు, అందుకని వట్టి ముఖం పంపితే వెంటనే నవ్వుతుంది. ఆ ముఖం కింద పాత డైలాగు సగం రాసి వదిలేశామనుకోండి, మనకి మిగతా సగం ఆయన గొంతులోనే వినపడుతుంది. ఆమె విన్న గొంతు వేరే ఎవరిదో, హిందీలో. ముఖం సరిహద్దు దాటింది, గొంతు పాతపట్నంలోనే దిగిపోయింది. అలాంటివి మీ రూమ్మేట్స్‌కి పంపి సగం పేజీ వివరణ రాయకండి. మీమ్ పక్కన నవ్వే బొమ్మలు పది పెట్టి "అర్థమైందా" అని అడిగేవాళ్లంటే నాకు పరమ చిరాకు. మా బావ ఫొటోని కత్తిరించి తమ పేజీ పేరు వేసుకున్నవాళ్లంటే ఇంకా చిరాకు.

మరేం చెయ్యాలంటే, రెండు భాషల్లోనూ ఒకేలా వినపడే మాటలు వెతికి కొత్తది కట్టండి. మా వదిన అదే చేసింది. రథయాత్ర రోజున మా అన్నయ్య, బావ, మా నాన్న ముగ్గురూ వరుసగా నిలబడి ఐసు గోళాలు చీకుతున్నారు, మీసాలకి ఎర్ర రంగు. వదిన ఫొటో తీసి కింద రాసింది: AME PILA. ఒడియాలో ఆమే అంటే మేము, పిలా అంటే చిన్నపిల్లలు. "మేం చిన్నపిల్లలం" అని వాళ్లమ్మ వైపు గ్రూపులో అందరూ ముచ్చటపడ్డారు. మా గ్రూపులో ముగ్గురు మీసాల మగాళ్ల కింద "ఆమె పిల్ల" అని చదువుకుని మా అత్త నవ్వలేక దగ్గింది. పైకి చదివినా ఇది చావదు, పిల్లలో ల్ల ఒత్తు తప్ప పెద్ద తేడా లేదు. ఎవరికీ ఏదీ అనువదించలేదు. రెండు గుంపులూ రెండు వేర్వేరు జోకులకి నవ్వారు, బొమ్మ మాత్రం ఒక్కటే.

మామయ్య కూడా చూశారు. పది నిమిషాలు టైపింగ్ అని కనిపించింది. తర్వాత తెలుగు లిపిలో సరిదిద్ది పంపారు: "ఆమె కాదు, వారు. పిల్ల కాదు, పెద్దలు."