రీల్స్‌కు వ్యూస్, ఇంటికి ఆర్డర్లు

"అనంతపురంలో ఇంట్లోనే ఉగ్గాని, బజ్జి చేసి అమ్ముతున్నాను. రీల్స్‌కు వ్యూస్ ఉన్నా ఆర్డర్లు రావట్లేదు, ఎందుకు?"

మీరు వేడిగా అందించగల దూరంలో ఉన్నవాళ్లకు ఆ వీడియో తమ కోసమేనని తెలియకపోవడం వల్ల. ముందు దూరం తేల్చుకోండి. డబ్బా మూత బిగిస్తే బజ్జి తన ఆవిరికే మెత్తబడుతుంది, కాబట్టి బండి మీద పది నిమిషాల్లో, సుమారు 3 కిలోమీటర్లలోపు చేరే ఇళ్లే మీవి. నానిపోయిన బజ్జి తిన్న ఇంటి నుంచి రెండో ఆర్డర్ రాదు.

వీడియో మొదట్లోనే, నానిన బొరుగులను నీళ్లు పిండేసి తాలింపులో వేస్తూ, "సాయినగర్, కమలానగర్ వాళ్లకు రేపు పొద్దున ఏడున్నరకు అందిస్తాం, కావాలంటే ఈ రాత్రి తొమ్మిదిలోపు చెప్పండి" అనండి. ఇదే మాట వాట్సాప్ స్టేటస్‌లోనూ పెట్టండి. కొన్నవాళ్లను మీ నంబర్ సేవ్ చేసుకోమనండి, లేకపోతే ఆ స్టేటస్ వాళ్లకు కనిపించదు.

వ్యూస్ పెరిగితే గిరాకీ పెరుగుతుందని చాలామంది పొరబడతారు. హైదరాబాద్‌లో లక్షమంది చూసినా, పొద్దున మీ బజ్జి తెప్పించుకోగలిగేది మీ పక్క వీధులవాళ్లే.